ముగ్గురు మూడు మాటలన్నారు.. బయో ఎలా?

ఉద్యోగానికి దరఖాస్తు చేసేముందు బయోను నలుగురికీ చూపించమంటారు. చూపిస్తే అసలు చిక్కు మొదలవుతుంది. ఒకరు పెంచమంటారు, మరొకరు కుదించమంటారు. ఎవరి మాట వినాలి?

ఒక ఉదాహరణ తీసుకుందాం. పర్చూరు వైపు ఓ పల్లె నుంచి వచ్చి గుంటూరులో బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న అమ్మాయి. ఇంట్లో పత్తి, మిర్చి సాగు. మసాలా దినుసుల ఎగుమతి యూనిట్‌లో క్వాలిటీ ట్రైనీ ఉద్యోగానికి బయో రాసింది. దరఖాస్తులో పెట్టేది ఇంగ్లిషులోనే అయినా, దాని సారాన్ని ఇక్కడ తెలుగులో చూద్దాం: ‘రైతు కుటుంబం నుంచి వచ్చాను. కష్టపడే తత్వం నాది. కెమిస్ట్రీ అంటే ఆసక్తి. త్వరగా నేర్చుకుంటాను. క్వాలిటీ రంగంలో స్థిరపడాలన్నది నా కల.’

స్నేహితురాలు చదివి, ‘ఇందులో నువ్వెక్కడున్నావే? కల్లంలో కాయలు ఏరిన సంగతులు రాయి. ల్యాబ్‌లో కలర్ టెస్ట్ కూడా చూశాంగా, అదీ పెట్టు’ అంది. ప్రాజెక్టు గైడ్‌గా ఉన్న లెక్చరర్‌ది ఇంకో మాట: ‘కల్లం గొడవ ఎందుకమ్మా? ప్రాజెక్టు రాయి. థర్డ్ పర్సన్‌లో అయితే హుందాగా ఉంటుంది.’ క్యాంపస్‌కు వచ్చిన రిక్రూటర్ అయితే ఒక్క ముక్కలో తేల్చేశారు: ‘నాలుగు వాక్యాలు చాలు. ఏం చేయగలరో ముందు చెప్పండి.’

చాలామంది చేసే పొరపాటే ఆమె కూడా చేసింది. ఎవరినీ నొప్పించకుండా మూడింటినీ పాత బయోలోనే ఇరికించింది. మొదటి వాక్యంలో ‘నేను’, మూడో దాంట్లో ‘ఆమె’. ఒకచోట 24 నమూనాలు, మరోచోట ‘ఇరవైకి పైగా’. పైకి చదివితే ముగ్గురు మాట్లాడుతున్నట్టే ఉంది. అతుకులు పడ్డాయని తెలుసుకోవడానికి అలా పైకి చదవడమే తేలికైన దారి.

ఇక్కడ చేయాల్సింది సలహాలను కలపడం కాదు, ప్రతి సలహా వెనకున్న ప్రశ్నను పట్టుకోవడం. స్నేహితురాలు అడుగుతున్నది ‘ఈ పనికి నువ్వే ఎందుకు?’ అని. లెక్చరర్‌కు కావాల్సింది రుజువు. రిక్రూటర్‌కు ‘పనికొస్తుందా లేదా’ అన్నది తొందరగా తేలాలి. అలా రాసుకుని చూస్తే ఈ మూడూ ఒకదానికొకటి అడ్డు కాదు. ఒకే బయోలో మూడింటికీ జవాబు చెప్పొచ్చు.

నిజంగా తగువున్నవి కొన్నే మిగులుతాయి. వాక్యాల వరుస, నిడివి విషయంలో రిక్రూటర్ మాటే చెల్లాలి. చదివి పిలిచేది ఆయనే కాబట్టి. ‘నేను’ అని రాయడమా, ‘ఆమె’ అని రాయడమా అన్నది కూడా దరఖాస్తును బట్టే. మనమే పంపుకునే దాంట్లో ‘నేను’ సహజంగా ఉంటుంది. వాస్తవాల దగ్గరికొస్తే మాత్రం లెక్చరర్‌దే తుది మాట. కలర్ టెస్ట్ అంటే మిర్చి రంగును అసిటోన్‌లోకి తీసి స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 460 నానోమీటర్ల దగ్గర కొలవడం. ఆమె దాన్ని చూసిందే కానీ చేయలేదు. ‘చూశాను’, ‘చేశాను’ అన్న రెండు మాటలకూ మధ్యేమార్గం ఉండదు. కాబట్టి అది తీసేయాల్సిందే.

కల్లం సంగతి? దాన్ని జ్ఞాపకంగా కాకుండా నైపుణ్యంగా మారిస్తే ముగ్గురికీ సరిపోతుంది. తాలు కాయనూ, సరిగ్గా ఆరని కాయనూ చూడగానే పట్టుకోవడం క్వాలిటీ విభాగానికి పనికొచ్చేదే కదా!

ఇప్పుడు పాత బయోను పక్కన పెట్టి, ఖాళీ కాగితం మీద ఒక్క బిగిన రాసింది:

‘ఎండుమిర్చిలో తేమను టోలుయిన్ డిస్టిలేషన్ పద్ధతిలో కొలవగలను. బీఎస్సీ కెమిస్ట్రీ ప్రాజెక్టులో 24 నమూనాలను ఇలా పరీక్షించాను. మాది మిర్చి పండించే కుటుంబం కావడంతో తాలు కాయ, ఆరని కాయ చూడగానే గుర్తుపడతాను. ఎగుమతి యూనిట్‌లో క్వాలిటీ ట్రైనీగా చేరాలనుకుంటున్నాను.’

‘కష్టపడే తత్వం’, ‘కల’ పోయాయి. ముగ్గురిలో ఎవరూ వాటి గురించి అడగలేదు మరి. ఇంటర్వ్యూలో ప్రశ్న మొదటి వాక్యం మీదే రావచ్చు: ఓవెన్‌లో ఆరబెట్టకుండా టోలుయిన్ ఎందుకు? ఓవెన్‌లో నీటితోపాటు ఆవిరయ్యే ఇతర పదార్థాలూ పోతాయి, ఆ తగ్గిన బరువంతా తేమ లెక్కలోకే వస్తుంది. టోలుయిన్ పద్ధతిలో నీరు విడిగా గొట్టంలో చేరుతుంది, దాన్నే కొలుస్తాం. ఈ జవాబు చెప్పలేకపోతే ఆ వాక్యం బయోలో ఉండకూడదు.

రెండోసారి చూపించేటప్పుడు ‘ఎలా ఉంది?’ అని అడిగితే కథ మళ్లీ మొదటికొస్తుంది. లెక్చరర్‌ను ‘ఇందులో తప్పేమైనా ఉందా?’ అనీ, స్నేహితురాలిని ‘ఇది నేను మాట్లాడినట్టే ఉందా?’ అనీ మాత్రమే అడగాలి. రిక్రూటర్‌కు మళ్లీ చూపించక్కర్లేదు, దరఖాస్తులో ఎలాగూ చూస్తారు.

ఈ వరుస ఈ ఉద్యోగానికే. రేపు ఎమ్మెస్సీకి దరఖాస్తు చేస్తే ప్రాజెక్టు వివరం పెరుగుతుంది, కల్లం వాక్యం పోవచ్చు. 24 మాత్రం ఎక్కడైనా 24గానే ఉండాలి.

పంపేముందు బయో, రెజ్యుమె, ఆన్‌లైన్ ఫారం పక్కపక్కన పెట్టి అంకెలు, పేరు స్పెల్లింగ్, చిరునామా సరిచూసుకోండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక పర్చూరు ప్రకాశం నుంచి బాపట్లలోకి వెళ్లింది. ఈ అమ్మాయి రెజ్యుమెలో ప్రకాశం అనీ, ఫారంలో బాపట్ల అనీ ఉంది.