నాన్నకు డిమెన్షియా: ఇంటిల్లిపాదికీ ఒకే ఉత్తరం

డాక్టరు గది నుంచి బయటికి వచ్చిన గంటలోనే ఫోన్లు మొదలవుతాయి. పెద్దకొడుక్కి ఒకలా, అమెరికాలో ఉన్న కూతురికి ఇంకోలా, పక్క వీధిలో ఉండే బాబాయికి మరోలా చెబుతారు. సాయంత్రానికి ఒకరు "ఏమీ లేదు, వయసు మతిమరుపే" అంటుంటే, మరొకరు "ఆరు నెలల్లో మనల్ని గుర్తుపట్టడట" అని ఏడుస్తుంటారు. వాట్సాప్ గ్రూపులో మాత్రం అప్పటికే మూడు కషాయాలు వచ్చి చేరి ఉంటాయి. డిమెన్షియా నిర్ధారణ అయిన ఇంట్లో ముందుగా చేయాల్సిన పని ఒక ఉత్తరం రాసి, అందరికీ అదే ఉత్తరం పంపడం.

ఇలాంటి ఇళ్లలో మామూలుగా జరిగేదాన్ని ఒక కుటుంబంగా ఊహించుకుందాం. తెనాలిలో ఉండే 72 ఏళ్ల రిటైర్డ్ హెడ్మాస్టారు కరెంటు బిల్లు రెండుసార్లు కట్టారు. నలభై ఏళ్లుగా తిరిగిన మార్కెట్ నుంచి ఇంటికి రావడానికి ఒకరోజు దారి అడిగారు. న్యూరాలజిస్టు జ్ఞాపకశక్తి పరీక్ష, ఎం.ఆర్.ఐ. చేయించారు. బి12, థైరాయిడ్ కూడా చూశారు. ఆ రెండూ తగ్గినా మతిమరుపు వస్తుంది, వాటిని మందులతో సరిచేయవచ్చు. ఈయనకు అవి బాగానే ఉన్నాయి. చివరికి తేలింది తొలి దశ అల్జీమర్స్. డిమెన్షియా అనేది జ్ఞాపకం, ఆలోచన, రోజువారీ పనులు దెబ్బతినే స్థితికి పేరు. దానికి ఎక్కువగా కారణమయ్యే జబ్బు అల్జీమర్స్.

హైదరాబాదులో ఉన్న పెద్దకొడుకు రాసిన ఉత్తరం ఇలా మొదలైంది: "నాన్నకు తొలి దశ అల్జీమర్స్ అని డాక్టరు చెప్పారు. ఇప్పటికి ఆయన తన పనులన్నీ చేసుకోగలరు, మాట్లాడగలరు, నిర్ణయాలు తీసుకోగలరు. కొత్త విషయాలు నిలవడం లేదు, డబ్బు లెక్కలు తప్పుతున్నారు. రాసిచ్చిన మాత్ర కొంతకాలం తోడ్పడవచ్చు, జబ్బును ఆపదు. ఎంత వేగంగా పెరుగుతుందో డాక్టరు చెప్పలేనన్నారు." ఇందులో ధైర్యవచనాలు లేవు, శోకాలూ లేవు. చదివినవాళ్లకు ఈ రోజున ఆయన ఏం చేయగలరో, ఏం చేయలేరో తెలుస్తుంది. బంధువులకు కావలసింది అదే.

తర్వాతి వాక్యం ఆ ఉత్తరంలో అన్నిటికంటే విలువైనదనిపిస్తుంది: "రెండు మూడు రోజుల్లో ఉన్నట్టుండి అయోమయం పెరిగినా, పగలంతా మగతగా ఉన్నా, జబ్బు ముదిరిందని ఊరుకోవద్దు, వెంటనే డాక్టరుకు చెప్పండి." అల్జీమర్స్ నెలల మీద, ఏళ్ల మీద పెరుగుతుంది. హఠాత్తుగా వచ్చే మార్పు వెనక మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో సోడియం తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర, తలకు తగిలిన దెబ్బ వంటివి ఉండవచ్చు. వాటిలో చాలావాటికి వైద్యం ఉంది. ఇది తెలియక ఎన్నో ఇళ్లలో రోజులు వృథా అవుతుంటాయి.

ఉత్తరం ఎవరికీ పంపకముందే కొడుకు దాన్ని తండ్రికి చూపించాడు. ఆయన చదివి, "నాన్నను ఒంటరిగా బయటికి పంపకూడదు" అన్న వాక్యం మీద ఎర్ర ఇంకు పెన్నుతో గీత కొట్టారు. "పార్కు మన వీధి చివరే కదరా, పొద్దున్నే నేనే వెళ్తాను. మార్కెట్‌కి మాత్రం ఎవరైనా తోడు రండి" అన్నారు. వాక్యం అలాగే మారింది. తొలి దశలో ఉన్నవాళ్ల గురించి వాళ్లను అడగకుండా నిబంధనలు రాస్తే అవి నిలవవు. గొళ్లెం తీసుకుని వెళ్లిపోతారు, అంతే. ఆయన ఒప్పుకున్నవి మరికొన్ని ఉన్నాయి. జేబులో పేరు, రెండు ఫోన్ నంబర్లు రాసిన కార్డు ఉంటుంది. ఈ మధ్య తీసిన ఫొటో ఒకటి అందరి ఫోన్లలో ఉంటుంది. బాత్రూం లోపలి గడియ తీసేశారు. వంటయ్యాక గ్యాస్ సిలిండర్ దగ్గరే కట్టేసే పని అమ్మది. వారం మాత్రల డబ్బా నింపేది చిన్నకొడుకు. బ్యాంకు ఓటీపీలు వచ్చే నంబరు ఇక ఆయన ఫోన్లో ఉండదు.

స్కూటర్ దగ్గర మాత్రం పేచీ వచ్చింది. కొడుకు ఆ విషయం ఉత్తరంలో తేల్చకుండా "డాక్టరు ఎలా చెబితే అలా" అని వదిలేశాడు. మంచి పని చేశాడు. ఆ మాట కొడుకు నోటి నుంచి వస్తే అధికారం అవుతుంది, డాక్టరు నోటి నుంచి వస్తే వైద్యం అవుతుంది.

ఇక కాగితాల సంగతి. చాలా కుటుంబాలు దెబ్బతినేది ఇక్కడే. "పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకున్నాం, ఇక భయం లేదు" అని నమ్ముతారు. కానీ 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, రాసిచ్చిన వ్యక్తికి మానసిక సామర్థ్యం పోతే ఆ అధికారం కూడా రద్దవుతుంది. అంటే సరిగ్గా అవసరం పడే రోజున అది పనికిరాదు. ఆ తర్వాత ఆయన ఆస్తి వ్యవహారాలు చూడాలంటే సంరక్షకుడిగా నియమించమని చాలా కుటుంబాలు హైకోర్టు దాకా వెళ్లాల్సి వస్తోంది. డిమెన్షియా ఉన్న పెద్దల కోసం సులువైన ప్రత్యేక పద్ధతి మన దేశంలో లేదు.

అందుకే ఉత్తరంలో ఈ భాగానికి గడువు పెట్టారు: "మూడు నెలల్లో పూర్తి చేద్దాం." పెన్షన్ ఖాతాలో అమ్మ పేరు చేర్చి, ఇద్దరిలో ఎవరైనా నడిపేలా మార్చడం మొదటిది. డిపాజిట్లకు, బీమాకు నామినీలు చూసుకోవడం రెండోది. మూడోది వీలునామా. జబ్బు పేరు బయటపడినంత మాత్రాన వీలునామా రాసే హక్కు పోదు. రాసే సమయానికి తను ఏం చేస్తున్నదీ తెలిస్తే చాలు. ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. ఆ రోజు ఆయన మనఃస్థితి బాగుందని డాక్టరిచ్చిన సర్టిఫికెట్‌ను జతచేస్తే రేపు అన్నదమ్ముల మధ్య వివాదం వచ్చినా కాగితం నిలబడే అవకాశం ఎక్కువ. చివరి రోజుల్లో వెంటిలేటర్ వంటివి కావాలా వద్దా అన్నది కూడా ఇప్పుడే ఆయన్ను అడగాలి. లివింగ్ విల్‌ను సుప్రీంకోర్టు 2018లో అనుమతించింది. 2023లో పద్ధతిని సులభం చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరింపజేస్తే సరిపోతుంది.

ఉత్తరం చివరి పేరా అమ్మ గురించి. "ఏం సాయం కావాలన్నా అడగండి" అని అందరూ అంటారు, ఎవరూ అడగరు. అందుకని కొడుకు పేర్లు పెట్టి రాశాడు. ఆదివారం పగలంతా చిన్నకొడుకు నాన్న దగ్గర ఉంటాడు, అమ్మ బయటికి వెళ్లివస్తుంది. పగలు ఒక ఆయాను పెట్టుకుంటే ఆ జీతం కూతురు పంపుతుంది. బాబాయి రోజూ పొద్దున పార్కుకు వస్తాడు. చూడ్డానికి వచ్చే బంధువులకూ ఒక మనవి ఉంది: "నేనెవరో చెప్పు చూద్దాం అని ఆయన్ను పరీక్షించకండి. మీ పేరు మీరే చెప్పి పలకరించండి."

ఇంటివాళ్లతో సరిపడని సాయానికి కూడా చోట్లున్నాయి. అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా 1992లో కేరళలో మొదలైంది. హైదరాబాదులోనూ దాని శాఖ ఉంది. చూసుకునేవాళ్లు అక్కడ సలహా అడగవచ్చు, తమలాంటివాళ్లను కలవవచ్చు. వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే ఎల్డర్‌లైన్ నంబరు 14567. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతుంది. చూసుకునేవాళ్లకే నిద్ర కరవై, మనసు కుంగితే టెలిమానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఉత్తరం పైన తేదీ వేయడం మరవద్దు. ఆరు నెలలకోసారి డాక్టరును కలిసి వచ్చాక దాన్ని సవరించి, పాతది పక్కనపెట్టి, కొత్తది అందరికీ మళ్లీ పంపండి.