తొండం విరగని అచ్చు

తొండం ఎత్తిన ఏనుగు కొవ్వొత్తి చేద్దామని మొదటిసారి సిలికాన్ అచ్చు పోసుకున్నాను. ఏనుగు బయటికొచ్చింది, తొండం మాత్రం లోపలే ఉండిపోయింది. మైనంలో లోపమేమీ లేదు. నేను కొన్న సిలికాన్ డబ్బా మీద "షోర్ ఎ 30" అని ఉంది. అంకె పెద్దదైతే సరుకు మంచిదనుకున్నాను.

ఆ అంకె నాణ్యతను చెప్పదు, గట్టిదనాన్ని చెబుతుంది. చిన్న సూదిని రబ్బరులోకి నొక్కినప్పుడు అది ఎంత ఎదురు నిలుస్తుందో చూసి ఇచ్చే కొలత అది. మామూలు రబ్బరు బ్యాండు 25 దగ్గర, కారు టైరు 65 దగ్గర ఉంటాయి. ఇంట్లో అచ్చులకు దొరికే సిలికాన్లు ఎక్కువగా 10 నుంచి 40 మధ్యలోవే. అచ్చు వంగనంటే విరగాల్సింది లోపలి వస్తువే. మైనం ఇట్టే విరుగుతుంది.

రెండోసారి 10 తెచ్చాను. తొండం చక్కగా వచ్చింది, కానీ ఏనుగుకు బానపొట్ట వచ్చింది! పలచటి మెత్తటి గోడను కరిగిన మైనం బరువు బయటికి నెట్టేసింది. మూడోసారి 20 తీసుకుని, గోడ సెంటీమీటరు మందం ఉంచి, వీపు వెంట వంకరటింకరగా కోశాను. తిన్నటి కోత జారుతుంది, వంకర కోత మళ్లీ తన చోట తనే కూర్చుంటుంది. పైన రబ్బరు బ్యాండ్లు వదులుగా వేయాలి, బిగిస్తే ఏనుగు నడుము నొక్కుకుపోతుంది. పారఫిన్ చల్లారుతూ కుంచించుకుని గోడను తనే వదిలేస్తుంది. సోయా మైనం అంతగా కుంచించుకోదు. దాన్ని పూర్తిగా చల్లారనిచ్చాకే అచ్చు విప్పాలి.

అచ్చుకు అంటకుండా కొట్టే రిలీజ్ స్ప్రే మైనానికి సాధారణంగా అక్కర్లేదు. కొడితే కొవ్వొత్తి మీద మరకలు పడతాయి. అది తప్పనిసరయ్యేది రెండు ముక్కల అచ్చు చేసేటప్పుడు. సిలికాన్ దేనికీ అంటదంటారు గానీ, సిలికాన్‌కే అంటుకుంటుంది. మొదటి సగం మీద పూత వేయకుండా రెండో సగం పోస్తే రెండూ ఒకే దిమ్మ అయిపోతాయి.

రెసిన్ కథ వేరు. గట్టిపడ్డాక అది అంత తేలిగ్గా విరగదు కాబట్టి 30 అచ్చు కూడా పనికొస్తుంది. బల్లపరుపు కోస్టర్లకైతే ఆ గట్టిదనమే మేలు. కానీ రెసిన్ గట్టిపడుతూ వేడెక్కుతుంది, పోసిన ప్రతిసారీ అచ్చు పైపొరను కొంచెం కొంచెం పాడు చేస్తుంది. ముందు మెరుపు పోతుంది, తర్వాత అంటుకోవడం మొదలవుతుంది, చివరికి రబ్బరు ముక్క ఊడి వస్తుంది. మధ్యమధ్య పలచగా స్ప్రే కొడితే అచ్చు ఇంకొన్నాళ్లు వస్తుంది. ఎక్కువైతే రెసిన్ మీద గుంటలు పడతాయి, రంగు పట్టదు.

ఆ పాత 30 అచ్చును పారేయలేదు. ఇరుక్కున్న మైనం తొండాన్ని వేణ్నీళ్లలో కరిగించి తీసి, ఇప్పుడు అందులో రెసిన్ ఏనుగులు పోస్తున్నాను. ఈమధ్య తీసిన ఏనుగు ఒళ్లంతా నిగనిగలాడుతోంది, తొండం మడతలో మాత్రం కాస్త మసకబారింది.