మీటింగ్ మినిట్స్ ఫోన్‌కు చెప్పి రాయిస్తున్నారా? ‘కట్టాల’, ‘కట్టలే’ మధ్య తేడా పోకుండా ఇలా చేయండి

వాయిస్ టైపింగ్ ఆన్ చేసి ఫోన్‌ను టేబుల్ మధ్యలో పెట్టేస్తే మినిట్స్ వాటంతటవే వచ్చేస్తాయని చాలామంది అనుకుంటారు. తీరా మీటింగ్ అయ్యాక చూస్తే పేజీల కొద్దీ మాటలు ఉంటాయి. ఎవరు ఏమన్నారో తెలియదు, ఫుల్‌స్టాప్ ఉండదు, అంకెలు తారుమారు. దాన్ని సరిచేసే బదులు చేత్తో రాసుకున్నా త్వరగా అయిపోయేదే అనిపిస్తుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు సంఘాల మీటింగుల్లో అయితే యాస రూపంలో మరో చిక్కు కూడా ఉంది.

సభ్యుడు బాకీ ‘కట్టాల’ అంటే కట్టాలని అర్థం. ‘కట్టలే’ అంటే కట్టలేదని. పలకడంలో తేడా చాలా చిన్నది. ఫ్యాన్ హోరులో, నలుగురూ ఒకేసారి మాట్లాడేటప్పుడు యాప్ ఈ రెండింటిలో ఏది రాస్తుందో చెప్పలేం. కానీ రేపు మినిట్స్ బుక్‌లో ఉన్నదే తీర్మానం. అందుకే ఫోన్‌కు ఏ మాట వినిపించాలి, ఏది చేత్తో రాయాలి అన్నది ముందే తేల్చుకోవాలి.

యాప్ ఎక్కడ తడబడుతుంది?

గూగుల్ వాయిస్ టైపింగ్‌లోకి తెలుగు వచ్చింది 2017 ఆగస్టులో. ఇప్పుడు ఫోన్‌లో జీబోర్డ్ కీబోర్డ్‌పై ఉండే మైక్ గుర్తు నొక్కినా, కంప్యూటర్‌లో క్రోమ్ బ్రౌజర్‌లో గూగుల్ డాక్స్ తెరిచి Tools మెనూలో Voice typing ఎంచుకున్నా (లేదా Ctrl+Shift+S నొక్కినా) తెలుగులో చెప్పి రాయించుకోవచ్చు. డాక్స్‌లో మైక్ బొమ్మపైన ఉన్న భాషల జాబితాలో తెలుగు ఎంచుకోవడం మర్చిపోకూడదు.

అయితే ఇవి ఒక మనిషి మైక్ దగ్గర నిదానంగా చెప్పేది రాయడానికి పనికొచ్చే సాధనాలు. పది మంది చర్చను రాయడానికి కాదు. ఎవరు మాట్లాడారో ఇవి విడదీసి చూపించవు. కాసేపు ఎవరూ మాట్లాడకపోతే ఫోన్‌లో మైక్ దానంతటదే ఆగిపోతుంది. డాక్స్ తెరిచి ఉంచి వేరే ట్యాబ్‌లోకి వెళ్లినా అంతే, రాయడం ఆగిపోతుంది. ఆగిందని ఎవరూ గమనించకపోతే ఆ తర్వాతి చర్చంతా గాలికే. డాక్స్‌లో ‘ఫుల్‌స్టాప్’ అని పలికి చుక్క పెట్టించడం కూడా కొన్ని భాషల్లోనే కుదురుతుంది, తెలుగులో కుదరదు.

దూరం ఇంకో సమస్య. మాట్లాడే మనిషికి, ఫోన్‌కు మధ్య దూరం పెరిగేకొద్దీ మాట బలం తగ్గుతుంది. ఫ్యాన్ శబ్దం, పక్క వీధిలో మరమగ్గాల చప్పుడు మాత్రం తగ్గవు. హిందూపురం వైపు తెలుగులో కన్నడ కలిపి మాట్లాడటం మామూలే. భాష తెలుగుకు పెట్టి ఉంటే కన్నడ మాటను కూడా యాప్ దగ్గరగా వినిపించే ఏదో తెలుగు మాటగా రాసేస్తుంది. తర్వాత చదివేవారికి అక్కడ తప్పు జరిగిందన్న అనుమానం కూడా రాదు. అక్షరదోషం ఉంటే కంటికి కనబడుతుంది. సరైన స్పెల్లింగ్‌తో ఉన్న తప్పు మాట మాత్రం కనబడదు.

చర్చ కాదు, తీర్మానం చెప్పండి

శ్రమను బాగా తగ్గించే అలవాటు ఒకటుంది. చర్చ నడుస్తున్నంతసేపు వాయిస్ టైపింగ్ ఆపేయాలి. ఒక్కో అంశం ముగియగానే కార్యదర్శో, అధ్యక్షులో ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో పెట్టుకుని నిర్ణయాన్ని ఒకటి రెండు వాక్యాల్లో చెప్పాలి. ఏం చేయాలి, ఎంత, ఎవరు, ఎప్పటిలోగా అన్న నాలుగూ అందులో ఉండాలి. చెప్పింది అందరూ వింటారు కాబట్టి తేడా ఉంటే అక్కడే ‘కాదన్నా, అట్ల అనలేదు’ అంటారు. వారం తర్వాత రావాల్సిన గొడవ అక్కడే తేలిపోతుంది.

ఉదాహరణకు ధర్మవరంలో ఒక చేనేత సంఘం పాలకవర్గ సమావేశం అనుకుందాం. 11 మంది సభ్యులు, మూడు అంశాలు, 50 నిమిషాల మీటింగ్. రెండో అంశం ముడిపట్టు కొనుగోలు. ఇరవై నిమిషాల చర్చ తర్వాత ఎవరో ‘సరే, లక్షా ఇరవై ఇచ్చేద్దాం, బేస్తవారం లోపల తెచ్చేయండి’ అన్నారు. అందరూ తలూపారు. గదిలో ఉన్నవారికి అది 1,20,000 రూపాయలని తెలుసు. యాప్‌కు తెలియదు. అది ‘లక్ష ఇరవై’ అని రాయొచ్చు, 100020 అనీ రాయొచ్చు. ఏ బేస్తవారమో కూడా అందులో ఉండదు.

అప్పుడు కార్యదర్శి మైక్ నొక్కి ఇలా చెప్పాలి: ‘తీర్మానం రెండు. ముడిపట్టు కొనుగోలుకు ఒక లక్షా ఇరవై వేల రూపాయలు మంజూరు చేయాలని నిర్ణయించడమైనది. బాధ్యత కార్యదర్శిది. గడువు ఈ నెల ఇరవయ్యో తేదీ.’ తర్వాత స్క్రీన్ మీద వచ్చింది చూసి, 1,20,000 అంకెను, తేదీని వేళ్లతో టైప్ చేయాలి. మొత్తం ఒక నిమిషం పని. మూడు అంశాలకు మూడు నిమిషాలు. మీటింగ్ ముగిసేసరికి చేతిలో ఉండేది పేజీల చర్చ కాదు, మూడు చిన్న పేరాలు.

‘తీర్మానం రెండు’ అని ప్రతిసారీ ఒకేలా మొదలుపెట్టడం వల్ల తర్వాత వెతకడం కూడా తేలికవుతుంది. డాక్యుమెంట్‌లో ‘తీర్మానం’ అని కొడితే అన్నీ వరుసగా దొరుకుతాయి. ‘కట్టాల’, ‘ఇస్తాం’ లాంటి మాటలకు బదులు ‘కట్టాలని నిర్ణయించడమైనది’, ‘కట్టలేదని గుర్తించడమైనది’ అని పూర్తిగా పలకాలి. వినడానికి ఆఫీసు భాషలా ఉన్నా, పొడవైన మాటలో తేడా గట్టిగా వినిపిస్తుంది. ఒక శబ్దం పోయినా అర్థం తారుమారు కాదు.

చర్చ రికార్డింగ్ వేరే ఫోన్‌లో

మరి చర్చ వివరాలు అక్కర్లేదా? ఎవరైనా అభ్యంతరం చెబితే నమోదు చేయాలి కదా! దానికి రెండో ఫోన్‌లో మామూలు ఆడియో రికార్డర్ పెట్టాలి. ఒకే ఫోన్‌లో రికార్డింగ్, వాయిస్ టైపింగ్ రెండూ పెడితే మైక్ ఒకదానికే అంది, ఇంకోటి ఆగిపోవచ్చు. రికార్డింగ్ మొదలుపెట్టే ముందు ఆ సంగతి సభ్యులందరికీ చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి.

రికార్డింగ్ మొదలైన టైమ్‌ను కాగితంపై రాసుకుంటే పని సగం తగ్గుతుంది. 11.02కు మొదలైందనుకుందాం. 11.24కు ఒక సభ్యుడు ధరపై అభ్యంతరం చెప్పారు. కాగితంపై ‘11.24, ధర, అభ్యంతరం’ అని రాస్తే చాలు. తర్వాత రికార్డింగ్‌లో 22వ నిమిషానికి నేరుగా వెళ్లి ఆ ఒక్క ముక్క వినొచ్చు. 50 నిమిషాలూ మళ్లీ వినాల్సిన పని లేదు.

పేర్లు, ఊళ్లు ముందే టైప్ చేసుకోండి

హాజరు పట్టికను మాటలతో రాయించడం దండగ. సభ్యుల పేర్లు, తేదీ, స్థలం, ఎజెండా అంశాలు మీటింగ్‌కు ముందే టైప్ చేసి పెట్టుకోవాలి. ఇంటిపేర్ల దగ్గర యాప్ ఎక్కువగా పొరబడుతుంది. ఒక్కసారి సరిగ్గా రాసుకుంటే ప్రతి నెలా అదే పట్టిక వాడుకుని, రానివారి పేర్లు తీసేస్తే సరిపోతుంది.

ఊరి పేర్లదీ అదే తంతు. పెనుకొండ అంటే యాప్ పెనుగొండ అని రాయొచ్చు. అది పశ్చిమ గోదావరిలో వాసవీ కన్యకాపరమేశ్వరి ఆలయం ఉన్న ఊరు. అక్షరం ఒక్కటే తేడా, దూరం మాత్రం వందల కిలోమీటర్లు. యాప్ ఇలాంటి పేరును తరచూ ఒకే రకంగా తప్పు రాస్తుంది కాబట్టి ఒక్కొక్కటీ దిద్దక్కర్లేదు. డాక్స్‌లో Ctrl+H నొక్కి పై గడిలో ‘పెనుగొండ’, కింది గడిలో ‘పెనుకొండ’ పెడితే మొత్తం ఒకేసారి మారిపోతాయి. అయితే సంఘానికి నిజంగానే ఆ పెనుగొండ వ్యాపారులతో లావాదేవీ ఉంటే మాత్రం అన్నీ ఒకేసారి మార్చకూడదు, ఒక్కోటి చూసి మార్చాలి. ఇలా నెలనెలా దొరికిన తప్పుల జాబితా ఒకటి రాసుకుంటే మూడో మీటింగ్‌కల్లా ఏమేం దిద్దాలో ముందే తెలిసిపోతుంది.

లేచేలోపే చదివి వినిపించాలి

దిద్దే పని రేపటికి వాయిదా వేస్తే గుర్తున్నవి కూడా పోతాయి. మీటింగ్ అయిపోగానే, సభ్యులు టీ తాగుతుండగానే తీర్మానాలు బయటికి చదవాలి. అప్పుడు చూడాల్సినవి మూడే. అంకెలు, పేర్లు, వాక్యం చివరి క్రియ. ‘ఇవ్వాలి’ అన్నది ‘ఇవ్వలేదు’ అయిందా? అరవై అన్నది ఇరవై అయిందా? మిగతా చోట్ల చిన్న అక్షరదోషం ఉన్నా తీర్మానం అర్థం మారదు. ఈ మూడింట్లో ఒక్కటి తప్పినా మారిపోతుంది. సరిచూసుకున్నాకే మినిట్స్ బుక్‌లోకి ఎక్కించి సంతకాలు తీసుకోవాలి. ఫోన్‌లో ఉన్నది ముసాయిదా మాత్రమే. సంతకాలు ఉన్న పుస్తకమే లెక్క.

సర్కారు సాధనం వచ్చినా...

గ్రామసభల కోసం కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2025 ఆగస్టు 14న ‘సభాసార్’ అనే సాధనాన్ని ప్రారంభించింది. గ్రామసభ ఆడియో, వీడియో రికార్డింగ్ ఇస్తే భాషిణి సాయంతో మాటలను అక్షరాల్లోకి మార్చి మినిట్స్ తయారుచేస్తుంది. తెలుగు కూడా ఉంది. అయినా దానికి అందేది ఆ రికార్డింగే. అందులో ‘లక్షా ఇరవై’ అని మాత్రమే ఉంటే ఎంత మొత్తమో అది ఊహించాల్సిందే. ముగింపులో ఎవరైనా మైక్ దగ్గరికొచ్చి ‘ఒక లక్షా ఇరవై వేలు’ అని స్పష్టంగా చెప్పి ఉంటే దాని పనీ తేలికే, తర్వాత దిద్దేవారి పనీ తేలికే.

ఇంకో మాట. వాయిస్ టైపింగ్ చాలా ఫోన్లలో నెట్ ద్వారానే నడుస్తుంది, అంటే మాట కంపెనీ సర్వర్‌కు వెళ్తుంది. సభ్యుల ఇంటి గొడవలు, అనారోగ్యం, ఎవరి బాకీ ఎంత అన్న చర్చ వచ్చినప్పుడు మైక్ ఆపి పెన్ను పట్టుకోవడమే మేలు. ఆ అంశంలో తీర్మానం రెండు లైన్లే ఉంటుంది. చేత్తో రాసినా రెండు నిమిషాలే పడుతుంది.