నిండు కార్ట్రిడ్జ్, కదలని ప్రింటర్

ప్రింటర్‌లో ఇంకు ఉంది. కాగితాలు ఉన్నాయి. వైఫై కూడా బాగానే పనిచేస్తోంది. అయినా ప్రింట్ కొడితే ఒక్క అక్షరం పడదు. మెకానిక్‌ను పిలిచి లాభం లేదు, ప్రింటర్‌కు ఏమీ కాలేదు. గడువు తీరిపోయింది యజమాని క్రెడిట్ కార్డుకి!

హెచ్‌పీ కంపెనీ 2013లో అమెరికాలో ‘ఇన్‌స్టంట్ ఇంక్’ అనే చందా పథకం మొదలుపెట్టింది. తర్వాత ఎప్సన్, కెనాన్ కూడా ఇలాంటివి తెచ్చాయి. ఇందులో షాపుకెళ్లి కార్ట్రిడ్జ్ కొనే పని ఉండదు. ఇంకు తగ్గుతోందని ప్రింటరే ఇంటర్నెట్ ద్వారా కంపెనీకి కబురు పెడుతుంది, కొత్త కార్ట్రిడ్జ్ పోస్టులో ఇంటికొస్తుంది. డబ్బు మాత్రం ఇంకుకు కాదు, పేజీలకు. మొదట్లో నెలకు 50 పేజీలకు సుమారు 3 డాలర్లు, 100కి 5, 300కి 10 ఉండేది. తర్వాత ధరలు పెరిగాయి.

పేజీ అంటే ఏమిటన్న దగ్గరే అసలు కిటుకంతా ఉంది. కాగితానికి ఒక వైపు ఎంత ఇంకు పడినా అది ఒక పేజీ. మూలన ఒక్క లైను పడినా ఒకటే, కాగితం నిండా రంగుల ఫొటో పడినా ఒకటే. రెండు వైపులా ప్రింట్ తీస్తే రెండు. జిరాక్స్ తీసినా లెక్కలోకే వస్తుంది. అందుకే పిల్లల పుట్టినరోజు ఫొటోలు తీసుకునేవాళ్లకు ఈ బేరం లాభమే. కొరియర్ చిరునామాలు, రెండు లైన్ల రసీదులు తీసేవాళ్లు మాత్రం వాడని ఇంకుకు డబ్బు కడుతున్నట్టు. ఇంకో చిత్రం: చందాలో ఉండగా షాపులో కొన్న మామూలు కార్ట్రిడ్జ్ పెట్టుకున్నా ఆ పేజీలు లెక్కలో పడతాయి. లెక్కపెట్టేది ప్రింటర్ గానీ కార్ట్రిడ్జ్ కాదు కదా.

న్యూజెర్సీలో ఒక తెలుగు కుటుంబం 100 పేజీల చందా కట్టిందనుకుందాం. మొదటి నెల 62 పేజీలే తీశారు. మిగిలిన 38 వచ్చే నెలకు జమ. ఆ జమకు ఒక పరిమితి ఉంటుంది గానీ, 38 దాన్ని దాటదు. రెండో నెల పిల్లల మనబడి పాఠాలు, స్కూలు ప్రాజెక్టు కలిసి 130 అయ్యాయి. ముందు ఆ నెల 100 ఖర్చవుతాయి, తర్వాత జమలోంచి 30. ఇక 8 మిగిలాయి. మూడో నెల ఇంట్లో వ్రతం, వీసా కాగితాలు కలిపి 160. నెల వాటా 100, జమ 8 పోగా 52 పేజీలు అదనం. అదనపు పేజీలు విడిగా అమ్మరు, కట్టలుగానే అమ్ముతారు. కట్టకు పది పేజీలైతే 52కి ఐదు కట్టలు చాలవు, ఆ రెండు పేజీల కోసం ఆరో కట్టకూ పూర్తి ధర కట్టాల్సిందే.

ఈ లెక్క ఎప్పటికప్పుడు కంపెనీకి చేరాలి కాబట్టి ప్రింటర్‌కు నెట్ తప్పనిసరి. వైఫై తీసేసి పేజీలు దాచేద్దామనుకునే తెలివి పనిచేయదు. ప్రింటర్ తనలోనే లెక్క రాసుకుంటుంది, మళ్లీ నెట్ తగలగానే అప్పజెప్పేస్తుంది. ఎక్కువ రోజులు నెట్ లేకుండా ఉంచితే చందా కార్ట్రిడ్జ్ పనిచేయడం మానేస్తుంది. పేజీల సంఖ్యే కాదు, ప్రింట్ తీసింది వర్డ్ ఫైలా, పీడీఎఫ్‌నా, ఫొటోనా అన్న వివరం కూడా సేకరిస్తామని షరతుల్లోనే ఉంది. ఆ షరతులు చదివేవాళ్లు ఎందరో!

ఇక చందా ఆగితే? రద్దు చేసుకున్నవాళ్లు ఆ బిల్లు నెల ముగిసేదాకా ప్రింట్ తీసుకోవచ్చు. ఆ మర్నాటి నుంచి, కార్ట్రిడ్జ్‌లో సగం ఇంకున్నా, నిన్ననే కొత్తది పెట్టినా, ప్రింటర్ దాన్ని ఒప్పుకోదు. ప్రతి చందా కార్ట్రిడ్జ్‌కూ ఒక చిప్ ఉంటుంది, దాన్ని చూసి ప్రింటర్ ‘ఇది చందాది’ అని గుర్తుపడుతుంది. జమ అయిన పేజీలూ పోతాయి. రద్దు చేయకపోయినా, పాత కార్డు గడువు తీరి డబ్బు కట్ కాకపోతే చివరికి ఇదే గతి. రీచార్జ్ అయిపోయిన డిష్ టీవీలాంటిదే ఇది. కాకపోతే అక్కడ సినిమా పైనుంచి రావాలి, ఇక్కడ ఇంకు ఇంట్లోనే ఉంది. మన ఇంట్లో ఉంది గానీ మనది కాదు. చందా కార్ట్రిడ్జ్ మొదటినుంచీ కంపెనీ సొత్తే.

ప్రింటర్ మాత్రం కొన్నవాళ్లదే. దానికి సరిపడే మామూలు కార్ట్రిడ్జ్ కొని పెడితే మళ్లీ కదులుతుంది. హెచ్‌పీ ప్లస్ కింద నమోదైన ప్రింటర్లలో అయితే హెచ్‌పీ సొంత కార్ట్రిడ్జ్‌లే పనిచేస్తాయి, చవకవి కుదరవు. చందా ఆపాలనుకున్నవాళ్లు ముందే ఒక మామూలు కార్ట్రిడ్జ్ తెచ్చి సొరుగులో పెట్టుకోవడం మంచిది. పాతదాన్ని కంపెనీ ఇచ్చిన కవర్లో పెట్టి, లోపల ఇంకు ఉన్నా సరే, తిరిగి పోస్టులో పంపేయాలి.