బిల్లు పూర్తిగా కట్టినా స్కోరు ఎందుకు తగ్గుతుంది?

క్రెడిట్ కార్డు బిల్లును ఒక్క నెల కూడా ఆలస్యం చేయకుండా, రూపాయి బాకీ ఉంచకుండా కట్టేవాళ్లు ఎందరో ఉన్నారు. ఇంటి రుణానికి వెళ్లినప్పుడు బ్యాంకు అధికారి సిబిల్ రిపోర్టు చూసి ‘కార్డు వాడకం బాగా ఎక్కువగా ఉందండీ’ అంటే వాళ్లకు ఏమీ పాలుపోదు. బాకీ అంతా తీర్చేశాక ఇంకా వాడకం ఎక్కడిది? చిక్కంతా తేదీల్లో ఉంది. మనం బిల్లు కట్టే రోజు వేరు, మన బాకీ వివరాన్ని బ్యాంకు క్రెడిట్ బ్యూరోకు పంపే రోజు వేరు. రుణానికి దరఖాస్తు చేయబోయేవాళ్లు ముందుగా పట్టుకోవాల్సింది ఈ తేడానే.

కార్డు లిమిట్‌లో ఎంత భాగం వాడి ఉన్నామో చెప్పే శాతాన్ని క్రెడిట్ యుటిలైజేషన్ రేషియో అంటారు. లక్ష రూపాయల లిమిట్‌లో 30 వేలు వాడి ఉంటే అది 30 శాతం. ఇంటి రుణం, కారు రుణం లాంటి వాయిదాల అప్పులకు ఈ లెక్క వర్తించదు. వాటిలో తీర్చిన సొమ్మును మళ్లీ తీసుకునే వీలు ఉండదు కదా. కార్డు అలా కాదు, కట్టిన కొద్దీ మళ్లీ వాడుకోవచ్చు. అందుకే కార్డును ఎప్పుడూ అంచుల దాకా వాడేవాళ్లకు జీతం చాలడం లేదేమో, రేపు మరో అప్పు ఇస్తే తీర్చగలరో లేదో అని రుణదాత సందేహిస్తాడు. ఈ శాతం 30 లోపు ఉంటే మంచిదని అందరూ చెబుతుంటారు. అది రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన కాదు, అనుభవం మీద వాడుకలోకి వచ్చిన కొండగుర్తు. 29 దగ్గర బాగుండి 31కి చేరగానే స్కోరు కుప్పకూలిపోదు. శాతం పెరిగే కొద్దీ స్కోరు మీద భారం పెరుగుతుంది, తగ్గే కొద్దీ భారమూ తగ్గుతుంది.

విజయవాడలో ప్రైవేటు కంపెనీలో పనిచేసే ఒక ఉద్యోగినిని ఊహించుకుందాం. ఆమెకు రెండు కార్డులు ఉన్నాయి. మొదటిదాని లిమిట్ లక్ష. ప్రతి నెలా 12న స్టేట్‌మెంట్ వస్తుంది, మరుసటి నెల 1న గడువు. రెండోది 50 వేల లిమిట్ ఉన్న రూపే కార్డు. దాన్ని యూపీఐకి జోడించి కిరాణాకు, పెట్రోలుకు వాడుతుంది. మార్చి మొదటి వారంలో చెల్లెలి పెళ్లి బట్టలు, సామాను కొనడంతో మొదటి కార్డు మీద 78 వేలు అయ్యాయి. రెండోదాని మీద 6 వేలు ఉన్నాయి. మొత్తం లక్షన్నర లిమిట్‌లో వాడింది 84 వేలు, అంటే 56 శాతం. మొదటి కార్డును విడిగా చూస్తే 78 శాతం. స్కోరు లెక్కలో మొత్తం శాతంతో పాటు ఒక్కో కార్డు ఎంత నిండిందన్నదీ చూడొచ్చు కాబట్టి ఈ రెండో అంకెనూ తీసిపారేయలేం.

ఆమె ఆటోపే పెట్టుకుంది. ఏప్రిల్ 1న 78 వేలూ కట్టేసింది. 3న ఇంటి రుణానికి దరఖాస్తు పెట్టింది. తన దృష్టిలో బాకీ ఏమీ లేదు. బ్యాంకు తీసిన రిపోర్టులో మాత్రం 78 వేల బాకీ అలాగే కనిపిస్తోంది.

కారణం ఇది. బ్యాంకులు కనీసం పదిహేను రోజులకు ఒకసారి ఖాతాల వివరాలను బ్యూరోలకు పంపాలని రిజర్వు బ్యాంకు 2025 జనవరి 1 నుంచి నిబంధన పెట్టింది. అంతకుముందు నెలకు ఒకసారి పంపితే సరిపోయేది. నెలలో 15వ తేదీ, నెలాఖరు అనే రెండు మజిలీల లెక్క ఇది. మార్చి 15న ఆమె కార్డు మీద 78 వేలు ఉన్నాయి. 31న కూడా ఉన్నాయి. ఆమె కట్టింది ఆ మర్నాడు. ఆ చెల్లింపు బ్యూరో దాకా చేరాలంటే ఏప్రిల్ 15 లెక్క వెళ్లాలి. అది పంపడానికి బ్యాంకుకు వారం, దాన్ని ఖాతాలోకి ఎక్కించడానికి బ్యూరోకు మరో ఐదు రోజులు గడువు ఉంటుంది. అంటే ఆమె కట్టిన సంగతి రిపోర్టులో కనిపించేసరికి ఏప్రిల్ నాలుగో వారం రావచ్చు. గడువు తేదీకి కట్టడం వల్ల ఆలస్య రుసుము, వడ్డీ పడలేదు, చెల్లింపుల చరిత్ర చెక్కుచెదరలేదు. వాడకం శాతం మీద మాత్రం అది ఏ ప్రభావమూ చూపలేదు.

ఆమె చేయాల్సిన పని ఒక్కటే. మార్చి 12కు రెండు మూడు రోజుల ముందే కార్డు యాప్ తెరిచి, బిల్లు కోసం చూడకుండా కొంత సొమ్ము కట్టేయాలి. ఎంత? మొత్తం మీద 30 శాతం లోపుకు రావాలంటే బాకీ 45 వేలు దాటకూడదు కాబట్టి 39 వేలు కడితే చాలు. మొదటి కార్డు విడిగా కూడా 30 శాతం దగ్గరకు రావాలంటే 48 వేలు కట్టాలి. నా మాట అడిగితే రెండోదే మేలు. ఒకవేళ చేతిలో కొద్ది సొమ్మే ఉంటే, రెండు కార్డులకూ పంచకుండా ఎక్కువ నిండిన కార్డుకే కట్టాలి. రెండు మూడు రోజులు ముందని ఎందుకన్నానంటే, కొన్ని మార్గాల్లో కట్టిన సొమ్ము కార్డు ఖాతాలో పడటానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. సెలవులు వస్తే ఇంకా జాగ్రత్త పడాలి.

స్టేట్‌మెంట్ తేదీతో పాటు 15నీ, నెలాఖరునూ గుర్తుపెట్టుకోవాలి. బ్యూరోకు వెళ్లేది ఆ రోజు నాటి బాకీయా, చివరి స్టేట్‌మెంట్‌లోని అంకెయా అన్నది బ్యాంకును బట్టి మారవచ్చు. రుణానికి వెళ్లే ముందు రెండు నెలలు ఈ మూడు తేదీల్లోనూ బాకీ తక్కువగా ఉండేలా చూసుకుంటే ఏ పద్ధతైనా ఇబ్బంది లేదు. స్టేట్‌మెంట్ తేదీ జీతం పడే ముందు వస్తూ చేతిలో డబ్బు ఉండటం లేదనుకుంటే, దాన్ని మార్చమని అడగవచ్చు. బిల్లింగ్ సైకిల్‌ను కనీసం ఒకసారైనా మార్చుకునే వీలు కల్పించాలని రిజర్వు బ్యాంకు కార్డు సంస్థలకు చెప్పింది. ఈ సంగతి తెలిసి వాడుకునేవాళ్లు తక్కువ.

మంచిదనుకుని చేసి దెబ్బతినే పనులు కొన్ని ఉన్నాయి. రుణానికి వెళ్లే ముందు ‘అనవసరపు కార్డు ఎందుకు’ అని పాతదాన్ని మూసేయడం అందులో మొదటిది. మన ఉద్యోగిని రెండో కార్డు బాకీ 6 వేలూ కట్టి దాన్ని మూసేసిందనుకోండి. బాకీ 78 వేలకు తగ్గింది, లిమిట్ కూడా లక్షకు తగ్గింది. 56 శాతం కాస్తా 78 అయింది. అప్పు తగ్గినా శాతం పెరిగింది. మూసేయాలనుకుంటే రుణం చేతికి వచ్చాక మూసేయవచ్చు.

ఈఎంఐగా మార్చుకోవడం మరొకటి. 60 వేల ఫోనును పన్నెండు వాయిదాలు చేస్తే నెలవారీ బిల్లులో ఐదారు వేలే కనిపిస్తాయి. మిగిలిన అసలు మాత్రం లిమిట్‌ను పట్టుకునే ఉంటుంది, రిపోర్టులో బాకీగా కూడా కనిపించవచ్చు. బిల్లు చూసి వాడకం తక్కువే అనుకోవద్దు. యాప్‌లో వాడుకోవడానికి మిగిలిన లిమిట్ ఎంతుందో చూస్తే నిజం తెలుస్తుంది. ముందుగానే తీర్చేయాలంటే ఎంత రుసుము వేస్తారో కనుక్కుని నిర్ణయించుకోవాలి.

కార్డు బాకీ తీర్చడానికి హడావిడిగా పర్సనల్ లోన్ తీసుకోవడం నాకు అసలు నచ్చదు. వాడకం శాతం తగ్గే మాట నిజమే. కానీ కొత్త అప్పు కోసం ఒక విచారణ రిపోర్టులో నమోదవుతుంది, కొత్త ఈఎంఐ నెత్తిన పడుతుంది, దాంతో ఇంటి రుణం ఎంత ఇవ్వవచ్చన్న లెక్క తగ్గిపోతుంది. లిమిట్ పెంచమని అడగడం దీనికన్నా మేలు, ముఖ్యంగా జీతం పెరిగిన తర్వాత. లక్ష లిమిట్ రెండు లక్షలైతే అదే 78 వేలు 39 శాతమే అవుతుంది. కాకపోతే అది బ్యాంకు తనంతట తాను యాప్‌లో చూపిస్తున్న ఆఫరా, లేక అడిగితే మళ్లీ రిపోర్టు తీసి పరిశీలిస్తారా అని ముందే తెలుసుకోవాలి. పెరిగిన లిమిట్‌ను ఖర్చుకు పనికొచ్చే సొమ్ముగా చూసేవాళ్లు ఈ దారి పట్టకపోవడమే మంచిది.

ఈ శాతం స్కోరుతోనే ఆగదు. చాలామంది రుణదాతలు కార్డు బాకీలో దాదాపు 5 శాతాన్ని నెలవారీ కట్టుబాటుగా లెక్కవేస్తారు. 78 వేలకు అది 3,900 రూపాయలు. కట్టేసిన బాకీ రిపోర్టులో మిగిలి ఉంటే, లేని ఈఎంఐ ఒకటి ఉన్నట్టే లెక్క. పైగా చాలా బ్యాంకులు ఇంటి రుణానికి వడ్డీని స్కోరును బట్టి నిర్ణయిస్తున్నాయి. 40 లక్షల రుణం ఇరవై ఏళ్లకు 8.5 శాతానికి బదులు 8.75కు వచ్చిందనుకుంటే నెలకు సుమారు 635 రూపాయలు, మొత్తం మీద లక్షన్నర పైచిలుకు అదనంగా పోతుంది.

ఇక రిపోర్టు. మన దేశంలో సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు బ్యూరోలు ఉన్నాయి. ఒక్కోదాని నుంచి ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా తీసుకోవచ్చు. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. దరఖాస్తుకు రెండు నెలల ముందు దాన్ని తెరిచి, ప్రతి కార్డు దగ్గరా మూడు చోట్ల చూడండి: క్రెడిట్ లిమిట్, కరెంట్ బ్యాలెన్స్, ఆ వివరం ఏ తేదీ నాటిది. బ్యాంకు ఎప్పుడో లిమిట్ పెంచినా రిపోర్టులో పాతదే ఉండిపోవచ్చు, ఎప్పుడో మూసేసిన కార్డు మీద బాకీ చూపించవచ్చు. ఇవి కనిపిస్తే బ్యూరో వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టి, బ్యాంకుకూ రాయాలి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ నెల రోజుల గడువును కలుపుకునే రెండు నెలల ముందన్నాను.

రుణం మంజూరు పత్రం చేతికి రాగానే కొత్త ఇంటికి సోఫా, ఏసీ, ఫ్రిజ్ అంటూ కార్డు గీకేస్తుంటారు. మంజూరుకూ డబ్బు విడుదలకూ మధ్య వారాలు, ఒక్కోసారి నెలలు గడుస్తాయి. ఆలోగా బ్యాంకు మరోసారి రిపోర్టు తీసి చూడవచ్చు. రిజిస్ట్రేషన్ పూర్తయి, చెక్కు అమ్మకందారు చేతికి వెళ్లాకే ఆ సామాను కొనండి.