గెలిచిన పందెంలో అసలు ఎవరిది?

బ్రిటన్‌లో ఫుట్‌బాల్ పందాలు చట్టబద్ధం. అక్కడ చదువుకోవడానికి వెళ్ళిన మన పిల్లల ఫోన్లకు కూడా మ్యాచ్ రోజున ఆ కంపెనీల ప్రకటనలు వస్తుంటాయి. పది పౌండ్లు కాస్తే ముప్పై పౌండ్ల ఫ్రీ బెట్లు ఇస్తామంటాయి. ముప్పై పౌండ్లు చేతికొచ్చినట్టే అనిపిస్తుంది. నిజానికి వచ్చింది డబ్బు కాదు, ఒక టోకెన్.

తేడా గెలిచినప్పుడే తెలుస్తుంది. ఒక జట్టుకు 3.00 రేటు ఉందనుకుందాం. సొంత డబ్బు 10 పౌండ్లు కాసి గెలిస్తే 30 వస్తాయి. అందులో 20 లాభం, 10 మనం పెట్టిన అసలు. అదే రేటుకు 10 పౌండ్ల ఫ్రీ బెట్ వేసి గెలిస్తే చేతికి వచ్చేది 20 మాత్రమే. అసలు కంపెనీది కాబట్టి దాన్ని వెనక్కి తీసుకుంటుంది. నిబంధనల్లో దీన్నే ‘స్టేక్ నాట్ రిటర్న్‌డ్’ అని రాస్తారు. అసలు కూడా ఇచ్చే ఫ్రీ బెట్లు ఉన్నాయి గానీ, అరుదు.

దీంతో ఒక విచిత్రం జరుగుతుంది. గెలుస్తుందని అందరూ నమ్మే జట్టు మీద ఫ్రీ బెట్ వేయడమే భద్రమని చాలామంది అనుకుంటారు. అలాంటి జట్టుకు రేటు 1.50 ఉంటే, గెలిచినా 10 పౌండ్ల ఫ్రీ బెట్‌కు వచ్చేది 5 పౌండ్లే. రేటు న్యాయంగానే ఉందనుకుంటే ఆ జట్టు మూడింట రెండుసార్లు గెలవాలి. అంటే సగటున ఆ టోకెన్ విలువ 3 పౌండ్ల 33 పెన్నీలు. 5.00 రేటు ఉన్న జట్టు మీద వేస్తే గెలిచినప్పుడు 40 వస్తాయి, అయితే అయిదింట ఒకసారే గెలుస్తుంది. సగటు విలువ 8 పౌండ్లు. అయిదింట నాలుగుసార్లు ఏమీ రాదన్నది కూడా అంతే నిజం. పైగా కంపెనీలు ఇచ్చే రేట్లలో వాటి లాభం ముందే కలిసి ఉంటుంది కాబట్టి, అసలు విలువ ఈ లెక్కలకన్నా ఇంకా తక్కువే.

బోనస్ క్యాష్ దారి వేరు. అది ఖాతాలో డబ్బులాగే కనిపిస్తుంది. గెలిస్తే పందెం మొత్తం, అసలుతో సహా, బోనస్ ఖాతాకే తిరిగి వస్తుంది. బయటికి తీసుకోవాలంటే మాత్రం దాన్ని చెప్పినన్నిసార్లు తిప్పి ఆడాలి. తిప్పి ముగించాక కూడా ఆ బోనస్ మనదవుతుందా అన్న ప్రశ్న మిగులుతుంది. మనదైతే క్యాషబుల్. ఆడటానికే పనికొచ్చి, తీసుకునేటప్పుడు కోసేసుకునేదైతే స్టికీ. ఈ రెండో రకం గురించే నాకు ఎక్కువ బెంగ, ఎందుకంటే తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఒక కుర్రాడు 50 పౌండ్లు జమ చేస్తే మరో 50 బోనస్ వచ్చిందనుకుందాం. తెర మీద 100 కనిపిస్తుంది. బోనస్‌ను పదిసార్లు తిప్పాలంటే మొత్తం 500 పౌండ్ల పందాలు కట్టాలి. వందకు 96 తిరిగిచ్చే స్లాట్ ఆటలో అంత ఆడితే సగటున 20 పౌండ్లు పోతాయి, 80 మిగులుతాయి. బోనస్ క్యాషబుల్ అయితే 80 అతనివే, అంటే 30 లాభం. స్టికీ అయితే అందులోంచి 50 కోత పడి, 30 చేతికొస్తాయి. తాను తెచ్చిన 50లోనే 20 నష్టం. ఆట ఒకటే, అదృష్టం ఒకటే, తేడా అంతా ఒక్క నిబంధనది. ఇదీ సగటు లెక్కే. మధ్యలోనే ఖాతా ఖాళీ అయ్యేవాళ్ళూ ఉంటారు.

తిప్పాల్సింది పదికి బదులు 35 సార్లయితే పందాలు 1,750 పౌండ్లకు చేరతాయి. అదే స్లాట్‌లో సగటు నష్టం 70. బోనస్ కన్నా నష్టమే పెద్దది కాబట్టి, క్యాషబుల్ అన్న మాటకు కూడా అర్థం ఉండదు. బ్రిటన్‌లో గ్యాంబ్లింగ్ కమిషన్ 2026 జనవరి 19 నుంచి ఈ తిప్పడాన్ని పదిసార్లకే పరిమితం చేసింది.

ఆ రక్షణ అక్కడ లైసెన్సు ఉన్న కంపెనీలకే వర్తిస్తుంది. మన దేశంలో 2025 చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. ఇక్కడ తెలుగులో బోనస్ ఆశ చూపించే సైటు గెలుపు సొమ్మును కోసేసుకుంటే అడగడానికి పై కార్యాలయం ఉండదు. బ్రిటన్‌లో ఉన్నవాళ్ళయితే డబ్బు జమ చేయకముందే నిబంధనల్లో డబ్బు తీసుకోవడం గురించిన భాగం తెరిచి, బోనస్ మొత్తాన్ని గెలుపులోంచి తీసేస్తామని ఉందేమో చూడాలి. ఆ ఒక్క వాక్యం ఉంటే అది స్టికీ.