రెండు వందల మీటర్లు పక్కకు జరిగిన కాలువ

కోదాడ పట్టణానికి తూర్పున కొద్ది కిలోమీటర్ల దూరంలో, సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్ల లెక్క ప్రకారం 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80 డిగ్రీల తూర్పు రేఖాంశం కలుస్తాయి. నాలుగు పెద్ద షీట్ల మూలలు ఒకదాన్నొకటి తాకే చోటది. కంటికి అక్కడ పొలాలు తప్ప ఏమీ కనిపించదు. ఫోన్ చేతపట్టుకుని, జీపీఎస్‌లో సరిగ్గా అవే 17, 80 అంకెలు వచ్చేదాకా నడిచి చూడండి. షీటు మీద మూల ఉన్న చోటికి కాక, అక్కడికి ఆగ్నేయంగా రెండు వందల మీటర్ల అవతల తేలతారు. షీటు తప్పు కాదు, ఫోనూ తప్పు కాదు.

ఈ రెండు వందల మీటర్ల మధ్యలో ఒక యువ సర్వేయర్‌ను నిలబెట్టి చూద్దాం. మనిషి కల్పితం, లెక్కలు మాత్రం నిజం.

కుర్రాడు సివిల్ డిప్లొమా చేసి ఒక కన్సల్టెన్సీలో చేరాడు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు కింద పూడిపోయిన ఒక పిల్లకాలువను మళ్లీ తవ్వాలి. దాని దారి ఎటు పోయిందో ఊళ్లో తలా ఒక మాట చెబుతున్నారు. ఆఫీసులో పాత టోపోషీటు స్కాన్ ఉంది, అందులో కాలువ గీత స్పష్టంగా ఉంది. దాన్ని క్యూజిస్ సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకుని, షీటు నాలుగు మూలల దగ్గర అచ్చయిన అక్షాంశ రేఖాంశాలను టైపు చేశాడు. ఏ కోఆర్డినేట్ పద్ధతి అని సాఫ్ట్‌వేర్ అడిగితే, చదువుకునేటప్పుడు అలవాటైన `EPSG:4326` ఎంచుకున్నాడు. అంటే డబ్ల్యూజీఎస్ 84, జీపీఎస్ వాడే పద్ధతి. సగటు తేడా చాలా తక్కువని తెర మీద చూపించింది. యాభై వేలకు ఒకటి స్కేలున్న కాగితానికి ఇంతకంటే ఏం కావాలి? కాలువ గీత మీద ముప్పై మీటర్లకొక పాయింటు గుర్తించి, వాటిని చేతి జీపీఎస్‌లోకి ఎక్కించుకున్నాడు.

మర్నాడు చైన్‌మన్‌తో పొలాల్లోకి దిగాడు. మొదటి కొయ్య చెరువు కట్ట కింద, తూము పక్కన పడాలి. పరికరం వాళ్లను తీసుకెళ్లి మిరప చేను నడుమ నిలబెట్టింది. రెండో కొయ్య, మూడో కొయ్య కూడా ఆ చేలోనే.

"సారూ, కాలువ అటు కదా, ఇటెందుకు పాతుతున్నరు?" అన్నాడు చేను గలాయన.

కుర్రాడు జీపీఎస్‌ను అనుమానించాడు. ఆపి మళ్లీ వేశాడు, ఉపగ్రహాలు దొరికేదాకా ఆగాడు. ఆరుబయట చేతి జీపీఎస్ మూడు నుంచి అయిదు మీటర్లు అటూ ఇటూ చూపించవచ్చు గానీ, చెరువు తూమును చేలోకి తెచ్చి పెట్టదు. ఆఫీసులో పెద్ద సర్వేయర్‌కు ఫోన్ చేశాడు.

"ఎంత పోయింది, ఎటు పోయింది, అన్నిచోట్లా అంతే పోయిందా? ఈ మూడూ చూసుకుని అప్పుడు చెయ్యి నాయనా" అని ఆయన పెట్టేశాడు.

ఆ మూడు ప్రశ్నల్లోనే విద్య అంతా ఉంది. కుర్రాడు షీటులోనూ నేల మీదా గుర్తుపట్టగలిగిన మూడు చోట్లకు వెళ్లాడు: చెరువు తూము, రోడ్డు మీది కల్వర్టు, ఊరి చివర గుడి. ప్రతి చోటా జీపీఎస్ అంకె రాసుకుని, షీటు నుంచి చదివిన అంకెతో పోల్చాడు. మూడు చోట్లా షీటు పాయింటు సుమారు 160 మీటర్లు తూర్పుకు, 120 మీటర్లు దక్షిణానికి జరిగి ఉంది. నేరుగా కొలిస్తే రెండు వందల మీటర్ల పైచిలుకు. కాగితం మీద అది నాలుగు మిల్లీమీటర్లు. పాత సర్వేయర్లు అంత తప్పు గీయరు.

తేడా ఒక్కోచోట ఒక్కో దిక్కుకు ఉంటే గీత గీయడంలో చెయ్యి జారిందనుకోవాలి. ఒక మూల నుంచి దూరం జరిగే కొద్దీ తేడా పెరిగితే స్కేలులోనో, టైపు చేసిన ఒక మూల అంకెలోనో లోపం. ఇలా అన్నిచోట్లా ఒకే దిక్కుకు, ఒకే దూరం జరిగితే మాత్రం ముందుగా డేటమ్‌ను అనుమానించాలి. తెర మీద కనిపించిన ఆ సగటు తేడా ఇక్కడ పనికిరాదు. టైపు చేసిన నాలుగు అంకెలూ తమలో తాము పొసిగాయా లేదా అనే అది చెబుతుంది. ఆ అంకెలు ఏ లెక్కలోవో దానికి తెలియదు.

డేటమ్ అంటే, భూమిని ఏ ఆకారంగా అనుకుని, దాని కేంద్రాన్ని ఎక్కడ పెట్టి అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టామో ఆ ఏర్పాటు. మన పట్టణాల్లో ఒకే ఇంటికి పాత డోర్ నంబరు, కొత్త డోర్ నంబరు ఉంటాయి. పాత నంబరు పట్టుకుని కొత్త నంబర్ల వరుసలో వెతికితే వేరే వాళ్ల గుమ్మం ముందు నిలబడతాం. కుర్రాడు చేసింది సరిగ్గా అదే.

పాత నంబర్లు వేసినవాడు జార్జ్ ఎవరెస్ట్. ఆయన పేరు శిఖరం వల్ల అందరికీ తెలుసు గానీ, పని మొదలుపెట్టింది మన దగ్గరే. 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వేలో చేరడానికి ఎవరెస్ట్ 1818లో హైదరాబాద్ వచ్చాడు. మరుసటి ఏడాది కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో కొలతలకు దిగి, వానాకాలపు జ్వరంతో మంచాన పడి, చివరికి కోలుకోవడానికి దక్షిణాఫ్రికా దాకా వెళ్లాల్సి వచ్చింది. మన కథలోని కుర్రాడు కొయ్యలు పాతుతున్నదీ కృష్ణా గోదావరుల నడుమనే. ఆ సర్వే కొలతల నుంచి ఎవరెస్ట్ 1830లో భూమి ఆకారానికి ఒక లెక్క తేల్చాడు. ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయిన గోళం అది. సర్వేయర్లు దాన్ని ఎవరెస్ట్ స్ఫెరాయిడ్ అంటారు. దాన్ని మధ్యప్రదేశ్‌లోని కలియాన్‌పూర్ దగ్గర నేలకు తగిలించి, అక్కడి నుంచి దేశమంతటికీ అక్షాంశ రేఖాంశాలు లెక్కకట్టారు.

ఉపగ్రహాలు వచ్చాక తేలిన సంగతి ఏమిటంటే, ఆ గోళం భారతదేశానికి చక్కగా అమరుతుంది, భూమి మొత్తానికి మాత్రం అమరదు. దాని భూమధ్యరేఖ వ్యాసార్ధం నేటి లెక్క కంటే సుమారు 836 మీటర్లు తక్కువ. దాని కేంద్రం అసలు భూకేంద్రం నుంచి సుమారు 830 మీటర్లు పక్కకు ఉంది. ఎటు పక్కకు? మన వైపే. గోళం చిన్నదైనంత మేర మన వైపు జరిగింది కాబట్టి, దాని ఉపరితలం ఇక్కడి నేలతో దాదాపు కలిసిపోయింది. నన్నడిగితే ఇది తప్పు కాదు, గొప్ప పనితనం. మన నేల మీద గొలుసులూ థియోడలైట్లూ పట్టుకుని కొలిచినవాళ్లకు మన నేలకు సరిపోయే గోళమే కావాలి. జీపీఎస్‌కు ఆ వెసులుబాటు లేదు. ఉపగ్రహాలు భూమి ద్రవ్యరాశి కేంద్రం చుట్టూ తిరుగుతాయి కాబట్టి డబ్ల్యూజీఎస్ 84 తన కేంద్రాన్ని అక్కడే పెట్టుకోవాలి.

కేంద్రాల తేడాను మూడు అంకెల్లో చెబుతారు. భారత్, నేపాల్‌లకు అమెరికా రక్షణ శాఖ మ్యాపింగ్ సంస్థ ప్రచురించినవి 295, 736, 257 మీటర్లు. వీటిని కోదాడ దగ్గరి మూలకు వర్తింపజేస్తే, టోపోషీటులోని 17°00′00″, 80°00′00″ కాస్తా జీపీఎస్ లెక్కలో సుమారు 17°00′04″, 79°59′54.5″ అవుతుంది. అక్షాంశం నాలుగు సెకన్లు పెరిగింది, రేఖాంశం అయిదున్నర సెకన్లు తగ్గింది. అంటే కుర్రాడి మ్యాపును వాయవ్యంగా జరపాలి.

తెర మీద మ్యాపును మౌస్‌తో లాగేస్తే పోదా అనిపిస్తుంది. ఒక ఊరి వరకు పోతుంది కూడా. పది కిలోమీటర్లకు ఈ తేడా మారేది ఒకటి రెండు మీటర్లే. జిల్లాలు దాటితే మాత్రం లాగుడు పనికిరాదు. అదే లెక్క కడితే హైదరాబాద్‌లో జరుగుడు సుమారు 185 మీటర్లు, శ్రీకాకుళం వైపు 245, అస్సాం తూర్పు కొసన 350 దాటుతుంది. పైగా చేత్తో లాగిన మ్యాపు అలా ఎందుకు జరిగిందో తర్వాత వచ్చేవాడికి తెలియదు.

కుర్రాడు లాగలేదు. సాఫ్ట్‌వేర్ జాబితాలో ఎవరెస్ట్ 1830 పేరున్నది వెతికి పెట్టాడు. మ్యాపు అంగుళం కదల్లేదు. ఇది రెండో ఉచ్చు, మొదటిదాని కంటే లోతైంది. ఆ ఎంపిక గోళం ఆకారాన్ని మాత్రమే చెబుతుంది, దాని కేంద్రం ఎక్కడుందో చెప్పదు. కేంద్రం తెలియనప్పుడు సాఫ్ట్‌వేర్ అంకెలను ఉన్నవి ఉన్నట్టే అవతలికి పంపేస్తుంది. పెద్దాయన చెప్పాక, సొంత కోఆర్డినేట్ పద్ధతిని ఇలా రాసుకున్నాడు:

```
+proj=longlat +a=6377301.243 +rf=300.8017 +towgs84=295,736,257,0,0,0,0 +no_defs
```

ఇందులో `towgs84` తర్వాత ఉన్నవే ఆ మూడు అంకెలు. షీటును ఈ పద్ధతిలో మళ్లీ కూర్చోబెడితే తూము తూము దగ్గరికి, కల్వర్టు కల్వర్టు దగ్గరికి వచ్చాయి.

వచ్చాయంటే, పది ఇరవై మీటర్ల లోపుకు వచ్చాయి. ఆ మూడు అంకెలు దేశమంతటికీ కలిపి తీసిన సగటు. ప్రచురించినవాళ్లే ఒక్కొక్కదానికి పది నుంచి పదిహేను మీటర్ల అనిశ్చితి చెప్పారు. పాత కాలువ దారి ఏ పొలాల గుండా పోయిందో తెలుసుకోవడానికి ఇది చాలు. తవ్వకానికి కొలత ఇవ్వడానికి చాలదు. అందుకే కుర్రాడు తూము దగ్గరి నుంచి నేల మీద మిగిలిన కాలువ గట్టు ఆనవాళ్లు పట్టుకుని డీజీపీఎస్‌తో కొత్తగా కొలవాల్సి వచ్చింది. టోపోషీటు అతన్ని సరైన చేలోకి దింపి తప్పుకుంది.

ఇది చదివి, నా పట్టా భూమి కూడా రెండు వందల మీటర్లు జరిగి ఉందా అని కంగారు పడనక్కర్లేదు. ఎఫ్ఎంబీలో, తెలంగాణ టిప్పన్‌లో ఉండేవి అక్షాంశ రేఖాంశాలు కావు. రాయికీ రాయికీ మధ్య గొలుసుతో కొలిచిన దూరాలు. వాటికి డేటమ్‌తో పని లేదు. ఆ పటాలను ఉపగ్రహ చిత్రం మీద కూర్చోబెట్టేటప్పుడు, కూర్చోబెట్టడానికి వాడిన పాయింట్లు ఏ లెక్కలోవన్న ప్రశ్న వస్తుంది.

కొత్త షీట్లతో ఇంకో చిక్కుంది. 2005 జాతీయ మ్యాప్ విధానం తర్వాత సర్వే ఆఫ్ ఇండియా ప్రజలకు ఇచ్చే ఓపెన్ సిరీస్ మ్యాపులు డబ్ల్యూజీఎస్ 84లోనే ఉంటాయి. ఆఫీసు ఫోల్డర్లో పాత స్కాన్లు, కొత్త షీట్లు కలిసే పడి ఉంటాయి. ఒకసారి దెబ్బ తిన్నవాడు అన్నిటికీ ఆ మూడంకెల మందే వేస్తే, సరిగ్గా ఉన్న కొత్త షీటు ఈసారి వాయవ్యంగా రెండు వందల మీటర్లు పోతుంది. షీటు అంచున సర్వే చేసిన సంవత్సరం, డేటమ్ పేరు చూసి, నేల మీద రెండు మూడు చోట్ల సరిచూసుకుని గానీ ఏ పద్ధతో తేల్చకూడదు.